సూచీ పెరిగినా మూడింతల ఫండ్ మీద కాల్ సున్నా అయింది. ఎందుకు?

చిట్టాపద్దు
ఏడాది గడువున్న కాల్ ఆప్షన్ ఒకటి కొన్నాను. నాస్‌డాక్-100 సూచీకి రోజువారీ మూడింతల రాబడి ఇచ్చే TQQQ మీద. స్ట్రైక్ కొన్ననాటి ధర దగ్గరే పెట్టాను. లెక్క సులువుగా ఉండేందుకు ఆ రోజు ఫండ్ ధర 100 డాలర్లు అనుకోండి, స్ట్రైక్ 100, ప్రీమియం 23 పైచిలుకు.

గడువు ముగిసే నాటికి సూచీ నాలుగు శాతం పైన ఉంది. మూడు నాలుగులు పన్నెండు కాబట్టి ఫండ్ 112 దగ్గర ఉండాలి, నా కాల్‌కు 12 డాలర్లు రావాలి. ప్రీమియంలో సగం పోయిందని సరిపెట్టుకునేవాడిని. కానీ ఫండ్ 100కు కాస్త కిందే ఆగింది. కాల్ విలువ పూర్తిగా సున్నా.

బ్రోకరేజీ సంస్థను అడిగితే "అది రోజువారీ ఫండ్ అండీ" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. రోజువారీ అయితే మాత్రం సూచీ పెరిగిన ఏడాదిలో ఫండ్ ఎందుకు పెరగదు? ఆ పన్నెండు శాతం ఎవరి జేబులోకి వెళ్లింది? ఇవన్నీ తెలిసినవాళ్లు కాల్ బదులు ఏం కొంటారు?

ఎర్రగీత
ఇందులో రహస్యమేమీ లేదు. మూడింతల ఫండ్ ఏదైనా కాలం గడిచేకొద్దీ అరిగిపోతుంది. దాన్నే వొలటిలిటీ డికే అంటారు. అరిగే వస్తువు మీద కాల్ ఎందుకు కొనాలి? ఏడాది, రెండేళ్ల గడువున్న పుట్ కొని పక్కన పెట్టండి. తరుగు ఖాయం కాబట్టి డబ్బూ ఖాయమే.

గోరింట
నాదో సందేహం. ఫండ్‌ను రోజూ రీబ్యాలెన్స్ చేస్తారు కదా, అలాగే మన ఆప్షన్ కాంట్రాక్టును కూడా రోజూ సర్దుతారా? అంటే స్ట్రైక్ రోజూ మారుతుందా? నా దగ్గరా ఒకటి ఉంది, భయమేస్తోంది.

సాయంత్రం_నాలుగు
గోరింట గారూ, కాంట్రాక్టును ఎవరూ ముట్టుకోరు. స్ట్రైక్ 100 అని రాసి ఉంటే గడువు దాకా 100 గానే ఉంటుంది. సర్దేది ఫండ్ లోపల మాత్రమే.

చిట్టాపద్దు గారి ప్రశ్నకు అసలు జవాబు ఆ సర్దుబాటులోనే ఉంది కాబట్టి రెండు రోజులు దగ్గరగా చూద్దాం. ఫండ్ దగ్గర మదుపరుల డబ్బు 100 డాలర్లు. మూడింతలు కావాలి కాబట్టి స్వాపులు, ఫ్యూచర్లు కలిపి 300 డాలర్ల సూచీని పట్టుకుంటుంది. మొదటి రోజు సూచీ 5 శాతం పడింది. 300 మీద నష్టం 15. మిగిలింది 85. చేతిలో ఉన్న సూచీ విలువ ఇప్పుడు 285. కానీ రేపటికి మూడింతలు అంటే 85కు మూడు రెట్లు, 255 మాత్రమే ఉండాలి. అందువల్ల మార్కెట్ ముగిసే వేళకు ఫండ్ 30 డాలర్ల సూచీని అమ్మేస్తుంది. పడిన ధరకే అమ్ముతోందని గమనించండి.

రెండో రోజు సూచీ పూర్తిగా కోలుకుని పాత చోటికి వచ్చింది. అందుకు అది 5.26 శాతం పెరగాలి. ఫండ్ చేతిలో 255 మాత్రమే ఉంది కాబట్టి లాభం 13.42. మొత్తం 98.42. సూచీ ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది, ఫండ్‌కు మాత్రం డాలరున్నర పైన పోయింది. నిన్న సాయంత్రం అమ్మిన ఆ 30 డాలర్ల సూచీ ఈరోజు పెరిగినప్పుడు చేతిలో లేదు, అంతే.

పెరిగిన రోజున దీనికి తిరగేసి జరుగుతుంది. పెరిగిన ధర దగ్గర ఇంకా కొంటుంది. మర్నాడు పడితే ఆ అదనపు కొనుగోలు మీద నష్టం.

చిట్టాపద్దు
ఇది అర్థమైంది, బాగా చెప్పారు. కానీ రోజుకు 5 శాతం పడటం, లేవటం నేను పట్టుకున్న ఏడాదిలో జరగలేదు. మామూలుగా ఒక శాతం అటూ ఇటూ ఆడేది. అంత చిన్న కదలికలకు 12 శాతం పోతుందా?

కొలమానం
పోతుంది. ఆ చిన్న కదలికలే ఏడాదంతా కలిసి అంత పని చేస్తాయి.

సూచీ వొలటిలిటీ ఏడాదికి 20 శాతం అనుకుందాం. అంటే సగటున రోజుకు సుమారు 1.26 శాతం కదలిక. మూడింతల ఫండ్‌కు రోజువారీ తరుగు ఆ కదలిక వర్గానికి దాదాపు మూడు రెట్లు. 0.0126ను వర్గం చేసి మూడుతో గుణిస్తే 0.05 శాతం కూడా రాదు. ఒక రోజులో అది కంటికి కనిపించదు. ఏడాదిలో 252 ట్రేడింగ్ రోజులు. అన్నీ కలిస్తే 12 శాతం దగ్గరకు వస్తుంది. చక్రవడ్డీ పద్ధతిలో తీస్తే 11.3.

2010లో అవెల్లనేడా, జాంగ్ రాసిన పరిశోధన పత్రంలో ఈ సంబంధాన్ని ఒక్క వరుసలో పెట్టారు. వడ్డీ, ఫండ్ ఖర్చులు పక్కన పెడితే మూడింతల ఫండ్‌కు అది ఇలా ఉంటుంది:

```
L_T = L_0 * (S_T / S_0)^3 * exp(-3 * sigma^2 * T)
```

ఇక్కడ sigma ఆ కాలంలో సూచీ నిజంగా చూపిన వొలటిలిటీ. ఎవరో ముందుగా అంచనా వేసినది కాదు. మీ ఏడాదిని ఇందులో పెట్టండి. 1.04 ఘనం 1.125. తరుగు గుణకం 0.887. రెండూ గుణిస్తే 0.998. మీ ఫండ్ 99.8 దగ్గర ఆగింది, స్ట్రైక్ 100. అందుకే సున్నా. ఎవరి జేబులోకీ వెళ్లలేదు. సూచీ తిన్నగా నాలుగు శాతం ఎక్కి ఉంటే 112 దాటేది, అది తిన్నగా ఎక్కలేదు.

చిట్టాపద్దు
99.8! నా స్క్రీన్ మీద కనిపించింది దాదాపు అదే. ఇన్నాళ్లూ ఫండ్ నిర్వాహకులనే అనుమానిస్తూ వచ్చాను.

ఎర్రగీత
నేను మొదట చెప్పింది ఇదే కదా. ఏడాదికి 11 శాతం తరుగు అని కొలమానం గారే లెక్క కట్టి చూపించారు. మరి పుట్ కొనడంలో అభ్యంతరం ఏమిటి?

కొలమానం
ధరే అభ్యంతరం. సూచీ వొలటిలిటీ 20 అయితే మూడింతల ఫండ్ వొలటిలిటీ 60. ఆప్షన్ అమ్మేవాడు ఆ 60 మీదే ధర కడతాడు. 100 డాలర్ల ఫండ్ మీద 100 స్ట్రైక్, ఏడాది గడువు, వడ్డీ సున్నా అనుకుంటే పుట్ ధర దాదాపు 23.6 డాలర్లు. కాల్ ధరా అంతే.

ఇప్పుడు మీరు కోరుకున్నట్టే జరిగిందనుకోండి. సూచీ ఏడాదంతా ఆడి ఆడి మొదలైన చోటే ఆగింది, తరుగు పూర్తిగా పడింది, ఫండ్ 88.7కు దిగింది. మీ పుట్‌కు వచ్చేది 11.3. మీరు పెట్టింది 23.6. తరుగు విషయంలో మీ మాట అక్షరాలా నిజమైంది, అయినా పెట్టిన డబ్బులో సగానికి పైగా పోయింది. పెట్టుబడి తిరిగి రావాలంటే ఫండ్ 76.4కు రావాలి. అందుకు తరుగు ఒక్కటే చాలదు, సూచీ కూడా సుమారు 5 శాతం పడాలి.

ఎర్రగీత
అంటే ఆప్షన్ అమ్మేవాళ్లు తరుగును ముందే ధరలో కలిపేస్తున్నారన్నమాట. అదీ అన్యాయమే.

కొలమానం
విడిగా కలపడం లేదు. అది ఆ 60లోనే ఉంది. ఈ తేడా ముఖ్యం, చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

ఫండ్ ఏడాది చివర ఉండగల ధరలన్నీ ఊహించుకోండి. మామూలుగా వచ్చే ఫలితం 100కు బాగా కింద, 83 దగ్గర ఉంటుంది. ఎక్కువసార్లు దిగుతుంది, అది నిజం. కానీ సూచీ ఒకే దిశలో పరుగు తీసిన కొద్దిసార్లు ఫండ్ 200, 300కు కూడా వెళ్తుంది. అన్నీ కలిపి సగటు తీస్తే మళ్లీ 100కే వస్తుంది. ఆప్షన్ ధరకు ఆధారం ఆ సగటు. తరుగు అనేది 60 శాతం వొలటిలిటీ ఉన్న దేనికైనా ఉండే స్వభావం, దాన్ని రెండోసారి లెక్కలోకి తెచ్చుకోకూడదు.

మీరే పరీక్షించుకోవచ్చు. ఒకే స్ట్రైక్, ఒకే గడువు ఉన్న కాల్, పుట్ ధరల తేడా చూడండి. ఫండ్ ఏడాదికి 11 శాతం పడుతుందని మార్కెట్ నమ్మితే పుట్ ఆ మేరకు కాల్ కంటే ఖరీదుగా కనిపించాలి. అలా కనిపించదు. ఆ తేడా వడ్డీ, డివిడెండ్, షేర్లు అరువు తెచ్చుకునే ఖర్చు వీటితోనే సరిపోతుంది. పుట్ అంతకు మించి ఖరీదుగా ఉంటే ఆ ఫండ్ షేర్లు అరువుకు దొరకడం కష్టంగా ఉందని అర్థం.

అలల_లెక్క
"తరుగు ఖాయం" అన్న మాటనే నేను ఒప్పుకోను. సాయంత్రం_నాలుగు గారి ఉదాహరణలో సూచీ వరుసగా రెండు రోజులు 5 శాతం పెరిగిందనుకోండి. సూచీ మొత్తం 10.25. దానికి మూడు రెట్లు 30.75. ఫండ్ మాత్రం 1.15ను 1.15తో గుణించి 32.25 ఇస్తుంది. రీబ్యాలెన్సింగ్ ఇక్కడ కలిపింది, తీసేయలేదు.

నిజమైన సంఖ్యలు కావాలంటే 2022, 2023 చూడండి. 2022లో నాస్‌డాక్-100ను నేరుగా అనుసరించే QQQ ఫండ్ సుమారు 33 శాతం పడింది, TQQQ 79 శాతం. మూడు రెట్లు పడితే 99 పోవాలి, అంత పోలేదు. ఎందుకంటే పడుతున్న దారిలో సూచీని అమ్ముకుంటూ వచ్చింది. 2023లో QQQ సుమారు 55 శాతం లేచింది, TQQQ 198 శాతం. మూడు రెట్లంటే 165, దాన్ని దాటింది.

సాయంత్రం_నాలుగు
ఆ రెండేళ్లనూ విడివిడిగా చూస్తే అలలు గారి మాట నిజం. కలిపి చూడండి. QQQ 100 పెడితే 2023 చివరికి 104 అయింది. TQQQ 100 పెడితే 62. రెండేళ్లు పట్టుకున్నవాడికి సూచీ గట్టెక్కించింది, ఫండ్ ఇంకా లోయలోనే ఉంది.

ఆ 38 అంతా తరుగు కాదని కూడా చెప్పాలి. ఫండ్ మన డబ్బు మీద మరో రెండింతలు అరువు తెచ్చినట్టే లెక్క. 2023 రెండో సగంలో అమెరికాలో స్వల్పకాలిక వడ్డీ 5 శాతం పైన ఉంది. ఆ స్థాయిలో ఏడాదికి పది శాతం వడ్డీకే పోతుంది. కొలమానం గారు వడ్డీ సున్నా అనుకుని చూపించారు కాబట్టి ఈ ముక్క అందులో కనిపించదు.

అలల_లెక్క
ఒప్పుకుంటాను. నా అభ్యంతరం "ఖాయం" అన్న మాటకే. దారిని బట్టి ఉంటుంది అనండి, గొడవ లేదు.

తులాభారం
నాది ఇంకో రకం అనుభవం. సెమీకండక్టర్ సూచీ మీద ఉన్న మూడింతల ఫండ్‌లో పుట్‌లు అమ్మేదాన్ని. ప్రీమియం చూస్తే నోరూరేలా ఉంటుంది మరి. ఫండ్ 40 దగ్గర ఉండగా 40 స్ట్రైక్ పుట్ 3 డాలర్లకు అమ్మాను. సూచీ కొన్ని వారాలు జారింది, ఫండ్ 28కి వచ్చింది, షేర్లు 40 చొప్పున నా ఖాతాలో పడ్డాయి. మామూలు షేరయితే ఏం చేస్తామో అదే చేశాను. కోలుకునే దాకా ఆగుదాం, ఈలోగా వాటి మీద కాల్స్ అమ్మి ప్రీమియం తెచ్చుకుందాం అని.

కొన్ని నెలలకు సూచీ సరిగ్గా పాత స్థాయికి వచ్చింది. ఫండ్ 33 దగ్గరే ఉంది. 40 స్ట్రైక్ కాల్ అమ్మితే వచ్చేది చిల్లర. 30 స్ట్రైక్ అమ్మితే సూచీ ఒక్కసారి లేచినప్పుడు షేర్లు నష్టానికి వెళ్లిపోతాయి. పుట్ అమ్మి, షేర్లు వస్తే కాల్స్ అమ్మే ఈ పద్ధతి మొత్తం "ధర తిరిగి వస్తుంది" అన్న నమ్మకం మీద నిలబడింది. ఈ ఫండ్లలో సూచీ తిరిగి వచ్చినా ధర తిరిగి రావాలని లేదు.

పగటికల
అందరూ కాల్ కొన్నవాళ్లదే తప్పన్నట్టు మాట్లాడుతున్నారు. నేను ఇప్పటికీ TQQQ కాల్సే కొంటాను. నా ఖాతా చిన్నది. ఒక కాంట్రాక్టు అంటే 100 షేర్లు. ఏడాది గడువున్న QQQ కాల్ ఒక్కటి కొంటేనే నా డబ్బులో పెద్ద భాగం అందులో ఇరుక్కుంటుంది. TQQQ షేరు ధర తక్కువ కాబట్టి కాంట్రాక్టు అందుబాటులో ఉంటుంది. పోతే ప్రీమియమే పోతుంది, మార్జిన్ పిలుపులు రావు. సూచీ పరుగు తీస్తే రాబడి ఘనంలో పెరుగుతుంది. దీన్నెందుకు వదులుకోవాలి?

కొలమానం
వదులుకోమని నేను అనడం లేదు. దేన్ని కొంటున్నారో ఒకసారి పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఒకవైపు 100 డాలర్ల మూడింతల ఫండ్ మీద ఒక కాల్, ధర 23.6. మరోవైపు అదే సూచీని నేరుగా అనుసరించే ఫండ్ మీద, అదీ 100 డాలర్లే అనుకుందాం, మూడు కాల్స్. ఒక్కోటి సుమారు 8 డాలర్లు, మూడూ కలిపి 23.9. ఖర్చు దాదాపు సమానం. రెండింటి గడువూ ఏడాది, సూచీ నిజంగా చూపిన వొలటిలిటీ 20.

సూచీ 4 శాతం పెరిగితే మూడు కాల్స్‌కు 12 వస్తుంది, మూడింతల కాల్‌కు సున్నా. సూచీ 20 శాతం పెరిగితే మూడు కాల్స్‌కు 60, మూడింతల కాల్‌కు 53. అంత పెరిగినా ఇంకా వెనకే. 30 శాతం పెరిగితే 90కి 95, ఇక్కడ దాటింది. 40 శాతం పెరిగితే 120కి 143. అంటే పగటికల గారు చెప్పిన ఘనం నిజమే, కానీ అది చేతికి రావాలంటే సూచీ 20 దాటి 30 దగ్గరకు పోవాలి.

ఇప్పుడు సూచీ నిదానంగా, వొలటిలిటీ 12 తోనే 20 శాతం ఎక్కిందనుకోండి. మూడు కాల్స్‌కు అదే 60. మూడింతల కాల్‌కు 65. గమ్యం ఒకటే, దారి మారింది, గెలిచినవాడు మారాడు. మూడింతల ఫండ్ మీద కాల్ కొన్నవాడు సూచీ పెరుగుతుందని పందెం కాయడమే కాదు, అది నెమ్మదిగా, కుదుపులు లేకుండా పెరుగుతుందని కూడా కాస్తున్నాడు. రెండో పందెం సంగతి చాలామందికి తెలియదు.

చిట్టాపద్దు
నాకు తెలియనిది సరిగ్గా ఆ రెండో పందెమే. నా ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

గోరింట
నేను మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వేరే అర్థం కనిపిస్తోంది. కాంట్రాక్టులో స్ట్రైక్ 100 గానే ఉంటుంది. కానీ సూచీ ఎంత పెరిగితే ఆ 100 వస్తుందన్నది రోజూ మారుతోంది కదా?

కొలమానం
అవును, దీన్ని ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ. సూచీ భాషలో మీ స్ట్రైక్ కదులుతూనే ఉంటుంది. ఏడాదంతా వొలటిలిటీ 12 ఉంటే సూచీ ఒకటిన్నర శాతం పెరిగినా ఫండ్ మొదటి ధర దగ్గర నిలుస్తుంది. 20 ఉంటే 4.1 శాతం పెరగాలి. 35 ఉంటే 13 శాతం పెరగాలి, అప్పుడే మీ స్ట్రైక్ ముట్టుకుంటుంది. ఎక్కువ వొలటిలిటీ ఆప్షన్ కొన్నవాడికి మేలు చేస్తుందని మనం నేర్చుకున్నది ఇక్కడ సగమే పనిచేస్తుంది. ఆప్షన్ ధరలో ఇమిడి ఉన్న వొలటిలిటీ అంచనా, అంటే ఐవీ, పెరిగితే మధ్యలో అమ్ముకునే ధర పెరుగుతుంది, అది నిజం. అదే కుదుపు నిజంగా జరిగి సూచీ ఎటూ పోకపోతే మీ స్ట్రైక్ ఇంకా పైకి జరుగుతుంది.

పట్టుకుని ఉన్నప్పుడు దీన్ని చూసుకోవడం కష్టం కాదు. కొన్ననాటి నుంచి ఫండ్ ఎన్ని రెట్లు అయిందో, సూచీ ఎన్ని రెట్లు అయిందో దాని ఘనం ఎంతో, రెండూ రాసుకుని మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఒకటికి ఎంత తక్కువ వస్తే అంత ఇప్పటికే పోయిందని లెక్క. అందులో వడ్డీ, ఖర్చులూ కలిసే ఉంటాయి. మిగిలిన గడువులో సూచీ ఇంకెంత ఎక్కాలో అక్కడి నుంచి లెక్కపెట్టుకోవచ్చు.

ఎర్రగీత
సరే, ఒక వైపు పుట్ పనిచేయదు. రెండు వైపులా కొంటే? మూడింతలు పెరిగే ఫండ్ మీద ఒక పుట్, మూడింతలు వ్యతిరేకంగా నడిచే ఫండ్ మీద ఒక పుట్. దిశతో పని లేదు, రెండూ అరుగుతాయి. దీన్ని ఎవరైనా కాదనగలరా?

అలల_లెక్క
మళ్లీ అరుగుడేనా!

కొలమానం
లెక్క వేద్దాం. రెండు పుట్‌లూ కలిపి ఖర్చు 47.2. సూచీ మొదలైన చోటే ఆగి, వొలటిలిటీ 20 వచ్చిందనుకోండి. పెరిగే ఫండ్ 88.7కు దిగి 11.3 ఇస్తుంది. వ్యతిరేక ఫండ్ తరుగు దీనికి రెట్టింపు. అక్కడ ఘాతంలో మూడు బదులు ఆరు ఉంటుంది. అది 78.7కు దిగి 21.3 ఇస్తుంది. మొత్తం 32.6. రెండూ అరిగాయి, అయినా 14.6 డాలర్లు పోయాయి.

ఇప్పుడు సూచీ 30 శాతం పడిందనుకోండి. పెరిగే ఫండ్ మీద పుట్ ఒక్కటే దాదాపు 70 ఇస్తుంది. రెండోది సున్నా అయినా మీరు లాభంలో ఉన్నారు. లేదా సూచీ అక్కడే ఉండి వొలటిలిటీ 35 వచ్చిందనుకోండి, రెండూ కలిసి 83 దాకా ఇస్తాయి. చూశారా, ఈ జోడీ గెలిచేది పెద్ద కదలిక వచ్చినప్పుడు, లేదా మీరు కొన్న ఐవీ కంటే కుదుపులు ఎక్కువగా వచ్చినప్పుడు. మామూలు అరుగుదలకు మీరు పూర్తి ధర ముందే చెల్లించేశారు.

ఎర్రగీత
లెక్కను కాదనలేను. కానీ ఐవీ తక్కువగా ఉన్నప్పుడు కొంటే పనిచేస్తుందని మీరే ఒప్పుకున్నట్టయింది.

కొలమానం
అవును. అప్పుడది వొలటిలిటీ పందెం. అలాంటప్పుడు నేరుగా సూచీ మీద కాల్, పుట్ కలిపి కొనుక్కుంటే కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా తక్కువ పడుతుంది.

తులాభారం
రెండేళ్ల పుట్‌లు వ్యతిరేక ఫండ్ల మీద కొనాలనుకునేవారికి ఇంకో చిక్కు. ఆ ఫండ్లు అరిగి ధర మరీ తగ్గినప్పుడు రివర్స్ స్ప్లిట్ చేస్తారు. ఒకసారి నా దగ్గర 8 స్ట్రైక్ కాంట్రాక్టు ఉండగా పది షేర్లను ఒకటి చేశారు. కాంట్రాక్టు అలాగే ఉంది, కానీ దాని కింద 100 పాత షేర్ల బదులు 10 కొత్త షేర్లు వచ్చాయి, గుర్తు చివర ఒక అంకె చేరింది. విలువ పరంగా అన్యాయం జరగలేదు. అయితే కొత్త షేర్ల మీద మామూలు కాంట్రాక్టులు మొదలవగానే పాతవాటిని పట్టించుకునేవాళ్లు లేరు. కొంటామన్న ధర ఒకటి, అమ్ముతామన్న ధర దానికి ఆమడ దూరంలో ఒకటి. కాగితం మీద ఉన్న లాభంలో మంచి భాగం ఆ మధ్యలోనే వదులుకుని బయటపడ్డాను.

గోరింట
కొత్త ధర 8కి ఎంతో పైన కనిపిస్తుంటే 8 స్ట్రైక్ పుట్ ఎందుకూ పనికిరాదని కంగారుపడేదాన్ని నేనైతే.

తులాభారం
కంగారుపడేవాళ్లు ఉంటారు. 10 షేర్లకు 800 డాలర్లు అని చూసుకోవాలి, అంటే కొత్త షేరుకు 80. స్క్రీన్ మీద అది అలా రాసి ఉండదు.

పగటికల
నా దారి ఏమిటంటే ఏడాది గడువు మానేసి రెండు, మూడు వారాల కాల్స్ తీసుకోవడం. అంత తక్కువ కాలంలో తరుగు లెక్కలోకి రాదు. మూడింతలు అంటే దాదాపు మూడింతలే వస్తుంది.

సాయంత్రం_నాలుగు
తరుగు వరకు మీ మాట సరైనదే, వొలటిలిటీ 20 దగ్గర ఉంటే మూడు వారాల్లో అది ఒక శాతం కూడా ఉండదు. కానీ ఆ కాలంలో ఘనం కూడా రాదు. అప్పుడు మీ TQQQ కాల్‌కూ, ధర సమానమయ్యేలా కొన్న QQQ కాల్స్‌కూ తేడా దాదాపు ఉండదు. మిగిలేది చిన్న కాంట్రాక్టు అన్న సౌకర్యం, దానికి మీరు చెల్లించేది ప్రతి మూడు వారాలకూ ఒకసారి కొనుగోలు, అమ్మకం ధరల తేడా.

పగటికల
చిన్న ఖాతాకు ఆ సౌకర్యమే పెద్దది. QQQలో ఒకే ఒక్క కాంట్రాక్టు కొంటే సగం అమ్మి సగం ఉంచుకునే వీలుండదు. TQQQలో మూడు కొని రెండు అమ్ముకోగలను.

సాయంత్రం_నాలుగు
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. QQQలో రెండు స్ట్రైక్‌ల మధ్య స్ప్రెడ్ కొంటే ఖర్చు తగ్గుతుంది కదా అంటాను, మీరు పరుగు కావాలంటారు.

పగటికల
అంటాను.

చిట్టాపద్దు
కొలమానం గారు చెప్పిన భాగహారం ఇప్పుడే నా దగ్గర మిగిలిన ఇంకో కాల్‌కు చేసి చూశాను. 0.94 వచ్చింది, ఇంకా ఏడు నెలల గడువు ఉంది. సూచీ కొన్ననాటి కంటే 6 శాతం పైన ఉంది కాబట్టి ప్రస్తుతం స్ట్రైక్‌కు పైనే ఉన్నాను. దీన్ని అమ్మేసి వచ్చిన డబ్బుతో QQQ కాల్ తీసుకోవడమా, ఉంచడమా అన్నదే తేలడం లేదు. ఐవీ ఇప్పుడు నేను కొన్ననాటి కంటే ఎక్కువగా ఉంది.

కొలమానం
ఐవీ ఎక్కువగా ఉండటం QQQ కాల్‌కూ వర్తిస్తుంది, దాన్నీ అదే ఖరీదుకు కొంటారు. అందువల్ల అదొక్కటే కారణంగా మారకండి. మిగిలిన ఏడు నెలల్లో కుదుపులు ఐవీ చెబుతున్నంత వస్తాయని మీరు అనుకుంటూ, సూచీ మాత్రం మహా అయితే పది శాతం ఎక్కుతుందని అనుకుంటే మారడంలో అర్థం ఉంది. కుదుపులు తగ్గి నిదానంగా ఎక్కుతుందనుకుంటే మీ చేతిలో ఉన్నదే మెరుగు.

అలల_లెక్క
నేనైతే సగం మారుస్తాను.

చిట్టాపద్దు
అలలు గారూ, నా దగ్గర ఉన్నది ఒక్క కాంట్రాక్టే. పగటికల గారు చెప్పిన ఇబ్బంది ఇక్కడా వచ్చింది.